వెంచర్ బ్రోచర్‌కి డ్రోన్ వ్యూ బొమ్మ: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో లేఅవుట్లు, విల్లా ప్రాజెక్టులు వేసేవాళ్లకు నేను ఏరియల్ వ్యూ బొమ్మలు చేస్తాను. పని మాట్లాడుకునేటప్పుడు దాదాపు అందరూ ఇవే ప్రశ్నలు అడుగుతారు, అందుకే జవాబులు ఒకచోట రాసిపెడుతున్నాను. మాటలు గాలిలో ఉండకూడదని నెల్లిమర్ల వైపు చేసిన 12 ఎకరాల వెంచర్‌నే మొదటి నుంచి చివరి దాకా ఉదాహరణగా తీసుకున్నాను. ఆ స్థలం ఉత్తర దక్షిణాలుగా 270 మీటర్ల పొడవు, తూర్పు పడమరలుగా 180 మీటర్ల వెడల్పు. రోడ్డూ ఆర్చీ దక్షిణం వైపు ఉన్నాయి. ఉత్తరాన దూరంగా రామతీర్థం కొండలు కనిపిస్తాయి.

డ్రోన్ వ్యూ అంటే నిజంగా డ్రోన్‌తో తీసిన ఫొటోనా, కంప్యూటర్‌లో చేసిన బొమ్మా?

చాలాసార్లు రెండూ కలిసినదే. బ్రోచర్ వేసేనాటికి స్థలంలో చదును చేసిన ఎర్రమట్టి, పాతిన రాళ్లు తప్ప ఏమీ ఉండవు. అందుకని చుట్టూ ఉన్న పొలాలు, ఊరు, రోడ్డు, కొండలు డ్రోన్ ఫొటో నుంచి వస్తాయి. వెంచర్ లోపలి రోడ్లు, కాలువలు, పార్కు, ప్రహరీ, ఇళ్లు త్రీడీలో తయారుచేసి ఆ ఫొటోలో కూర్చోబెడతాం. రెండో పద్ధతిలో చుట్టుపక్కలతో సహా మొత్తం త్రీడీలోనే కడతాం. దేనికి ఏది నప్పుతుందో కింద చెబుతాను. అది స్థలం సైజు మీద, డ్రోన్‌ని ఎంత ఎత్తుకు ఎగరనిస్తారన్న దాని మీద ఆధారపడుతుంది.

పని మొదలుపెట్టడానికి మేం ఏమివ్వాలి?

ముఖ్యంగా ఆమోదం పొందిన లేఅవుట్ ప్లాను ఇవ్వండి. వీఎంఆర్‌డీఏ, బుడా, సుడా లాంటి పట్టణాభివృద్ధి సంస్థల్లో ఎవరి పరిధిలో ఉంటే వాళ్లు ముద్ర వేసి ఇచ్చిన ప్లాను పీడీఎఫ్ కావాలి. దానికి సరిపోయే డీడబ్ల్యూజీ, అంటే ప్లానర్ కంప్యూటర్‌లో గీసిన డ్రాయింగ్ ఫైలు కూడా కావాలి. ఈ రెండూ ఒకటేనా కాదా అని నేను ఒక పూట కూర్చుని చూస్తాను. చూడకుండా మొదలుపెట్టను, దానికి కారణం ఉంది.

కొన్నేళ్ల కిందట ఒక వెంచర్‌కి ప్లానర్ దగ్గర నుంచి వచ్చిన డీడబ్ల్యూజీ మీద బొమ్మ పూర్తి చేశాను. పార్కు ఆర్చి దాటగానే కుడివైపు ఉంది, చూడడానికి ఎంతో బాగుంది. బ్రోచర్లు అచ్చయ్యాక తెలిసింది, అది అనుమతికి పెట్టకముందు గీసిన పాత ప్లాను. ఆమోదంలో పార్కు వెనక మూలకి వెళ్లిపోయింది, ముందు కుడివైపు ఎనిమిది ప్లాట్లు వచ్చాయి. అచ్చయిన కాపీలన్నీ పక్కన పెట్టాల్సి వచ్చింది. ఫైలు పేరులో 'ఫైనల్' అని ఉంది కదా అని నమ్మేశాను. ఆ తప్పు నాదే. అప్పటినుంచి ముద్ర ఉన్న కాగితంలోని ప్రతి రోడ్డు వెడల్పునూ, ఖాళీ స్థలం హద్దులనూ ఫైల్లో కొలిచి సరిచూసుకుంటున్నాను.

దీంతోపాటు సర్వేయర్ కొలిచిన హద్దు రాళ్ల కోఆర్డినేట్లు కావాలి. ఇక్కడ మన జిల్లాలకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. మ్యాపుల్లో వాడే యూటీఎం పద్ధతిలో 84 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర జోన్ మారుతుంది. విజయనగరం, శ్రీకాకుళం పట్టణాలు 44వ జోన్‌లో (`EPSG:32644`) ఉంటే, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం 45వ జోన్‌లో (`EPSG:32645`) ఉంటాయి. టెక్కలి వైపు వెంచర్‌కి 44 పెట్టి ఫైలు తెరిస్తే స్థలం వందల కిలోమీటర్ల అవతల తేలుతుంది. అంత పెద్ద తప్పు వెంటనే కళ్లబడుతుంది కాబట్టి నష్టం లేదు. కానీ సర్వేయర్‌ని ఏ జోన్ అని అడిగి రాయించుకుంటే ఆ పూట కలిసొస్తుంది.

స్థలం మాదే కదా, డ్రోన్ ఎగరేయడానికి ఇంకెవరి అనుమతి కావాలి?

నేల మీది, పైన గాలి మాత్రం మీది కాదు. 2021 డ్రోన్ నియమాల ప్రకారం డ్రోన్‌కి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. 250 గ్రాములు దాటిన డ్రోన్‌ని వ్యాపారానికి వాడితే ఎగరేసే మనిషికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి, థర్డ్ పార్టీ ఇన్సూరెన్సూ ఉండాలి. బ్రోచర్ కోసం తీసేది వ్యాపారమే. పెళ్లి వీడియోలు తీసే కుర్రాణ్ణి పిలిచి కానిచ్చేద్దాం అనుకునేవాళ్లు ఈ సర్టిఫికెట్ సంగతి ముందు అడగండి.

ఎత్తు విషయానికి వస్తే, గ్రీన్ జోన్‌లో, అంటే ప్రభుత్వ డ్రోన్ మ్యాప్‌లో పచ్చరంగు వేసిన చోట, 400 అడుగులు, అంటే 120 మీటర్ల దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు. నడుస్తున్న విమానాశ్రయం హద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే ఆ పరిమితి 200 అడుగులకి, అంటే 60 మీటర్లకి పడిపోతుంది. ఇంకా దగ్గరైతే అనుమతి లేకుండా ఎగరేయకూడదు. భోగాపురం దగ్గర అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం చుట్టుపక్కల వెంచర్లు ఉన్నవాళ్లు దీన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి. కిందటేడు ఎగరేశాం, ఏమీ కాలేదు అన్న మాట ఇక్కడ పనికిరాదు. ఎగరేసే రోజు ఉదయమే డిజిటల్ స్కై అనే ఆ ప్రభుత్వ మ్యాప్ తెరిచి ఆ చోటు ఏ రంగులో ఉందో చూస్తాను.

డ్రోన్‌ని ఎక్కడ, ఎంత ఎత్తులో నిలబెడితే వెంచర్ మొత్తం బాగా కనిపిస్తుంది?

మొత్తం పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. రంగులు, చెట్లు తర్వాత మార్చుకోవచ్చు. కెమెరా నిలబడిన చోటు తప్పయితే ఆ బొమ్మని ఇంకేదీ కాపాడలేదు.

మామూలు డ్రోన్ కెమెరా అడ్డంగా సుమారు 71.5 డిగ్రీలు, నిలువుగా 57 డిగ్రీల మేర చూస్తుంది. 120 మీటర్ల ఎత్తు నుంచి నేరుగా కిందికి చూస్తే దానికి అడ్డంగా 173 మీటర్ల నేల మాత్రమే పడుతుంది. మన స్థలం 270 మీటర్లు. కాబట్టి నేరుగా పైనుంచి ఒకే ఫొటోలో పట్టదు, ఏటవాలుగా చూడాల్సిందే. ఎంత వంచాలి? వెనక కొండలూ కాస్త ఆకాశమూ కనిపించాలంటే నేలకి సమాంతరమైన చూపు నుంచి కిందికి 25 డిగ్రీలకి మించి వంచకూడదు. 35 డిగ్రీలు వంచితే ఫ్రేమ్ పై అంచు కూడా నేలలోకే దిగిపోతుంది, ఆకాశం పోతుంది.

ఇక ఎంత దూరంలో నిలబడాలన్నది ఈ లెక్కతో తేలుతుంది:

```
d = ( W / (2 × tan(h/2)) − H × sin p ) / cos p
```

ఇందులో W అంటే స్థలం ముందు అంచు దగ్గర ఫ్రేమ్‌లో పట్టాల్సిన వెడల్పు, h కెమెరా అడ్డంగా చూసే కోణం, H ఎత్తు, p కిందికి వంచిన కోణం, d స్థలం ముందు అంచుకి డ్రోన్ ఉండాల్సిన దూరం.

మొదట పొడుగు వైపు, అంటే తూర్పు నుంచి చూద్దాం. 270 మీటర్లు పట్టి అటూ ఇటూ కాస్త చోటు మిగలాలంటే W 308 మీటర్లు. లెక్క వేస్తే స్థలానికి 180 మీటర్ల దూరంలో నిలబడాలి. అలా తీస్తే వెంచర్ మొత్తం ఫొటో ఎత్తులో పావు వంతులోనే ఇరుక్కుంటుంది. మిగతా ముప్పావు అవతలి పొలాలు, ఇవతలి పొలాలు, ఆకాశం. బ్రోచర్‌లో అది నేలకి అతుక్కున్న పట్టీలా ఉంటుంది.

ఇప్పుడు పొట్టి వైపు, అంటే దక్షిణం నుంచి, ఆర్చి ముందు నుంచి చూద్దాం. 180 మీటర్లు, చెరో పక్క 15 కలిపి 210. లెక్క ప్రకారం 105 మీటర్ల దూరం చాలు. అదే ఎత్తు, అదే కెమెరా, అదే 25 డిగ్రీలు. కానీ వెంచర్ ఫొటో ఎత్తులో సగానికి పైగా ఆక్రమిస్తుంది. ఆర్చి ముందుకొస్తుంది, నడిమి రోడ్డు కంటిని లోపలికి తీసుకెళ్తుంది, చివర కొండలు ఉంటాయి. ఒక్క చోటు మారడం వల్ల బొమ్మ రెండింతలైంది. అందుకే సైటుకి వెళ్లగానే నేను మొదట చూసేది పొట్టి అంచు ఎటుందనే.

దీనిలో ఒక లోపం కూడా ఉంది, అది మీకు ముందే చెప్పాలి. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు, అంటే 200 గజాల ప్లాటు తీసుకోండి. దాని పొడవు మన చూపు దిశలోనే ఉందనుకుందాం. 3000 పిక్సెళ్ల ఎత్తున్న ఫొటోలో ముందు వరసలో ఆ పొడవు దాదాపు 258 పిక్సెళ్లు వస్తుంది. ఆఖరి వరసలో అదే ప్లాటు 42 పిక్సెళ్లే. ఆరో వంతు అన్నమాట. వెనక ప్లాట్లు చిన్నవేమో అని కొనేవాళ్లు అనుకోవడానికి కారణం ఇదే. దానికి మందు బొమ్మని సాగదీయడం కాదు. ఎదురు పేజీలో కొలతలతో లేఅవుట్ ప్లాను వేయాలి.

120 మీటర్లు కూడా చాలకపోతే, లేదా 60 మీటర్లకే పరిమితమైతే?

మన ఉదాహరణలోనే 60 మీటర్లకి దిగితే, పొట్టి వైపు నుంచి తీసినా వెంచర్ మళ్లీ పావు వంతుకే వచ్చేస్తుంది. 25, 30 ఎకరాల వెంచర్లకి 120 మీటర్లూ చాలదు. అలాంటప్పుడు ఫొటోలో అతికించే పద్ధతి వదిలేసి, మొత్తం త్రీడీలో కడతాను. కంప్యూటర్‌లోని కెమెరాని 250 మీటర్ల ఎత్తులో పెట్టినా ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అయితే చుట్టుపక్కల ఊహించి గీయకూడదు కదా. అందుకు డ్రోన్‌ని 80 మీటర్ల ఎత్తులో, లేదా అక్కడ ఎంత అనుమతి ఉంటే అంత ఎత్తులో, నాగలి చాళ్లలాగా అటూ ఇటూ నడిపిస్తూ నేరుగా కిందికి ఫొటోలు తీస్తాం. ముందు ఫొటోతో తర్వాతి ఫొటో 80 శాతం, పక్క చాలుతో 70 శాతం కలవాలి. మన 12 ఎకరాలకి, చుట్టూ మరో 100 మీటర్లు కలిపితే, 80 మీటర్ల ఎత్తులో సుమారు 320 ఫొటోలు అవుతాయి. వాటిని వెబ్‌ఓడీఎం, మెటాషేప్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో కలిపితే ఒక్కో పిక్సెల్ 3 సెంటీమీటర్ల నేలని చూపించే పెద్ద మ్యాపు, దానితోపాటు ఎత్తుపల్లాల త్రీడీ ఉపరితలం వస్తాయి. దాని మీదే వెంచర్‌ని కూర్చోబెడతాను.

ఇందులో మన ప్రాంతంలో ప్రతిసారీ ఇబ్బంది పెట్టేవి తాటిచెట్లు. గాలికి మట్టలు కదులుతాయి, సన్నని కాండం సాఫ్ట్‌వేర్‌కి అందదు, దాంతో చెట్టు కరిగిన మైనం ముద్దలా వస్తుంది. చెరువు నీళ్లు కూడా మెరుపు వల్ల గుంటలు గుంటలుగా వస్తాయి. వీటిని తీసేసి అదే చోట తాటిచెట్టు త్రీడీ మోడల్, చదునైన నీటి మట్టం పెట్టాలి. చోటు మాత్రం మ్యాపు చూపించినదే.

ఫొటోలో త్రీడీని సరిగ్గా కూర్చోబెట్టారో లేదో ఎలా తెలుస్తుంది?

ఎగరేసే రోజు ఉదయం స్థలం నాలుగు మూలల్లోనూ, మధ్యలో రెండుమూడు చోట్లా హద్దు రాళ్ల మీద సున్నంతో మీటరు పొడవు ఇంటూ గుర్తులు వేయిస్తాను. ఎర్రమట్టి మీద తెల్ల సున్నం బాగా కనిపిస్తుంది. ఆ రాళ్ల కొలతలు సర్వేయర్ దగ్గర ఉన్నాయి కాబట్టి, ఫొటోలో గుర్తు ఎక్కడ పడింది, త్రీడీలో అదే రాయి ఎక్కడ పడింది అని పోల్చి కెమెరాని కుదురుస్తాం. ఒక గుర్తుని మాత్రం కుదర్చడానికి వాడకుండా పక్కన పెడతాను. అన్నీ అయ్యాక ఆ గుర్తు కూడా దానంతట అదే సరిగ్గా పడితే పని సరైనట్టు.

డ్రోన్ ఫొటోలోనే `RelativeAltitude`, `GimbalPitchDegree` అనే వివరాలు దాగి ఉంటాయి. అవి మంచి మొదలు, కానీ వాటినే నమ్మకూడదు. ఆ ఎత్తు డ్రోన్ లేచిన చోటు నుంచి లెక్క. పక్కనున్న చెరువు గట్టు మీద నుంచి లేపామనుకోండి, గట్టు స్థలం కంటే 3 మీటర్లు ఎత్తు. ఫొటో 117 అంటుంది, నిజానికి స్థలం నుంచి 120. మూడు మీటర్లే కదా అనిపిస్తుంది. కానీ ఏటవాలు చూపులో ఆ తేడా ముందు అంచు దగ్గర రెండున్నర మీటర్లు, వెనక అంచు దగ్గర దాదాపు తొమ్మిదిన్నర మీటర్లు జరుపుతుంది. అంటే 60 అడుగుల ప్లాటులో సగం. ప్రహరీ వెళ్లి పక్క రైతు పొలంలో కూర్చుంటుంది. ఆ రైతు బ్రోచర్ చూస్తే ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా.

మీరు డ్రాఫ్టు చూసేటప్పుడు ముందు మూలలు కాదు, వెనక మూలలు చూడండి. తప్పు అక్కడ బయటపడుతుంది. తర్వాత ఆర్చి దగ్గర అసలు రోడ్డు, త్రీడీ రోడ్డు కలిసే చోటు చూడండి. అతుకు దగ్గర రోడ్డు చిన్న విరుపు తిరిగితే కెమెరా కుదరనట్టే. ఫ్రేమ్ అంచుల్లో ప్రహరీ నిటారుగా ఉండి, పక్కన నిజమైన గట్టు కాస్త వంగి ఉంటే లెన్స్ వంపు సరిచేయలేదని అర్థం.

బొమ్మ ఎంత బాగా చేసినా ఏదో అతికించినట్టు ఉంటుంది. ఎందుకు?

నూటికి తొంభై సార్లు నీడల వల్ల. కంటికి కారణం తెలియదు గానీ తేడా మాత్రం పట్టేస్తుంది.

త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో సూర్యుణ్ణి వేరే దేశంలో ఏ ఊరికో పెట్టి వదిలేస్తే నీడలు మన ఊరి నీడల్లా పడవు. విజయనగరం 18.1 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు మూడో వారంలో ఉదయం తొమ్మిదిన్నరకి సూర్యుడు ఆగ్నేయంలో సుమారు 36 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. 7 మీటర్ల ఎత్తున్న విల్లా నీడ వాయవ్యం వైపు పది మీటర్ల దాకా పడుతుంది. అదే రోజు మధ్యాహ్నం నీడ సరిగ్గా ఉత్తరానికి, ఆరు మీటర్లు. మే నెల మధ్యలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి మీదకి వస్తాడు, నీడే ఉండదు. ఇళ్లు నేల మీద పెట్టిన అట్టపెట్టెల్లా కనిపిస్తాయి. జూన్‌లో అయితే మధ్యాహ్నపు నీడ కొద్దిగా దక్షిణం వైపు పడుతుంది.

కాబట్టి ఫొటో తీసిన తేదీ, గంట, నిమిషం త్రీడీలో ఎక్కించాలి. ప్లానులోని ఉత్తరం గుర్తుని కూడా సరిగా తిప్పాలి. డీడబ్ల్యూజీ ఫైళ్లలో కాగితం మీద అందంగా పట్టాలని లేఅవుట్‌ని తిప్పేసి ఉంటారు, ఉత్తరం ఎటో మూలకి ఉంటుంది. అది చూసుకోకపోతే తాటిచెట్టు నీడ ఒకవైపు, విల్లా నీడ ఇంకోవైపు పడతాయి. నేను డిసెంబరు, జనవరి నెలల్లో తొమ్మిది, పది గంటల మధ్య తీయడానికి ఇష్టపడతాను. ఎనిమిది లోపు పొగమంచు ఉంటుంది. మన వెంచర్‌లో దక్షిణం నుంచి ఉత్తరానికి చూస్తున్నాం కాబట్టి సూర్యుడు కెమెరా వెనక కుడిభుజం మీద ఉంటాడు. ఇళ్ల ముఖాలు వెలుగులో ఉంటాయి, నీడలు పక్కకి పడి ఎత్తు తెలుస్తుంది.

నీడలు కుదిరాక మిగిలేది దూరపు మసక. నిజమైన ఫొటోలో దూరం పోయేకొద్దీ రంగులు పాలిపోతాయి. త్రీడీ ఇళ్లు వెనక వరసలో కూడా ముందు వరసలా కళకళలాడితే అతుకు తెలిసిపోతుంది. వెనక వాటికి కొంచెం మసక కలపాలి.

చెట్లు ఎన్ని పెట్టొచ్చు? పచ్చగా ఉంటే అమ్మకాలు బాగుంటాయి కదా.

పెట్టండి, కానీ రెండు విషయాలు చూసుకోండి. ఒకటి, ఏ చెట్లు అన్నది. సాఫ్ట్‌వేర్‌తో వచ్చే చెట్లు ఎక్కువగా యూరప్ చెట్లు, మేపుల్, ఓక్ లాంటివి. గంట్యాడ దగ్గర పొలాల మధ్య ఓక్ చెట్ల వరస ఉంటే మన కంటికి ఆ చోటు మనది అనిపించదు. వేప, కానుగ, గుల్మొహర్, కొబ్బరి, మామిడి మోడళ్లు సంపాదించి పెట్టుకున్నాను. హద్దు వెంట ఇప్పటికే ఉన్న తాటిచెట్లని మీరు కొట్టకుండా ఉంచితే బొమ్మలోనూ ఉంచుతాను. బొమ్మకి నిజం అనిపించే గుణం వాటివల్లే వస్తుంది.

రెండోది వయసు. మీరు అప్పగించే రోజుకి రోడ్డు పక్క మొక్కలు ఆరేడు అడుగులు ఉంటాయి. బొమ్మలో ముప్పై అడుగుల చెట్లు గొడుగులు పడితే కొన్నవాళ్లు వచ్చి చూసి మోసపోయాం అనుకుంటారు. నేను సాధారణంగా మూడు నాలుగేళ్ల పెరుగుదల చూపించి, ఆ మాట బొమ్మ కింద రాయమంటాను. ఒప్పుకోని వాళ్లు ఉన్నారు. అప్పుడు కనీసం ఆర్చి దగ్గరి చెట్లనైనా చిన్నవి చేయమని బతిమాలతాను, సైటుకి వచ్చినవాళ్లు మొదట నిలబడేది అక్కడే కాబట్టి.

పక్కన గెడ్డ, హైటెన్షన్ లైను, శ్మశానం ఉన్నాయి. వాటిని తీసేయగలరా?

చేతికి పని తెలుసు, కానీ చేయను. ఎందుకో చెబుతాను.

రెరా చట్టం, 2016లో 12వ సెక్షన్ ఉంది. ప్రకటనలోనో బ్రోచర్‌లోనో ఉన్న తప్పుడు సమాచారాన్ని నమ్మి డబ్బు కట్టినవాళ్లకి నష్టం జరిగితే ప్రమోటర్ పరిహారం ఇవ్వాలి. వాళ్లు తప్పుకుంటామంటే కట్టిన మొత్తం వడ్డీతో సహా వెనక్కివ్వాలి. బొమ్మ కూడా ప్రకటనలో భాగమే. హైటెన్షన్ లైను చెరిపేసిన బొమ్మ రేపు ఎవరి చేతిలోనైనా సాక్ష్యం అవుతుంది.

గెడ్డ విషయంలో ఇంకో కారణం ఉంది. వేసవిలో తీసిన ఫొటోలో అది ఎండిన ఇసుక చారలా ఉంటుంది. దాన్ని పచ్చిక చేసేద్దాం అంటారు. వానాకాలం ఆ గెడ్డ పారుతుంది, మీ కాలువల నీళ్లు కూడా అందులోకే పోవాలి. ఆమోదిత ప్లానులో దాని పక్కన ఖాళీ వదిలింది అందుకే. దాన్ని ఉన్నట్టే చూపించి ఒడ్డున మీరు వేయబోయే మొక్కలు పెడితే బాగానే ఉంటుంది. కనపడకూడదు అనుకునేవాటి విషయంలో నిజాయితీ తప్పకుండా చేయగలిగింది కెమెరా వైపు ఎంచుకోవడం. అయితే దానికీ హద్దుంది. మన నెల్లిమర్ల వెంచర్‌లో వాయవ్య మూలన శ్మశానం ఉంది. దక్షిణం నుంచి చూస్తే అది దూరంగా, చిన్నగా పడుతుంది, చెరిపేయలేదు. దాన్ని ఫ్రేమ్ బయటికి నెట్టడానికి వెంచర్ మూలనే కోసేద్దామన్నారు. ఆ మూలలో ప్లాట్లు కొనేవాళ్లకే కదా ఆ సంగతి ముందుగా తెలియాల్సింది!

ఫొటోలో ఉన్నవాటిలో నేను తీసేసేవి మాత్రం ఉన్నాయి. ఆ రోజు ఆగి ఉన్న ట్రాక్టరు, మా సున్నం గుర్తులు, సర్వేయర్ గొడుగు, పక్క పొలంలో ఆరబెట్టిన బట్టలు. రేపటికి ఉండనివి పోవచ్చు, ఉండేవి ఉండాలి.

హైవే దగ్గరగా కనిపించేలా చేయొచ్చా?

జూమ్ లెన్స్‌తో దూరం నుంచి తీస్తే రెండు కిలోమీటర్ల అవతలి హైవే ప్రహరీ వెనకే ఉన్నట్టు వస్తుంది. అందులో ఒక్క పిక్సెల్ కూడా మార్చి ఉండరు, అయినా చూసినవాళ్లకి అబద్ధమే చేరుతుంది. హైవే చూపించాలంటే దూరం కిలోమీటర్లలో దాని పక్కనే రాస్తాను. రాయొద్దంటే జూమ్ వాడను.

మేం అమ్మేది ఖాళీ ప్లాట్లు. బొమ్మలో ఇళ్లు పెట్టొచ్చా?

పూర్తి రంగులతో ఇళ్లు పెడితే విల్లా ప్రాజెక్టు అనుకుంటారు. ప్లాట్ల వెంచర్‌కి నేను రెండు మార్గాలు సూచిస్తాను. ఇళ్లు లేకుండా హద్దు రాళ్లు, ప్లాటు గీతలు, రోడ్లు, దీపస్తంభాలు చూపించడం ఒకటి. ఇళ్లని తెల్లటి, సగం పారదర్శకమైన ఆకారాలుగా మాత్రమే పెట్టి, ఇవి ప్లాటుతో రావు అని రాయడం రెండోది. విల్లా ప్రాజెక్టు అయితే మీరు కట్టే నాలుగైదు రకాల నమూనాలే పెడతాను. తూర్పు ముఖం, పడమర ముఖం నమూనాలు ఆ ఆ ప్లాట్లలోనే ఉండాలి. వాస్తు చూసుకునే మనవాళ్లు మొదట వెతికేది అదే. కంప్యూటర్ భారం తగ్గించడానికి ఒక్కో నమూనాని ఒకసారి చేసి మిగతా చోట్ల దాని ప్రతులే వాడతాం. అలా ప్రతులు వేసేటప్పుడు పొరపాటున అద్దంలోలా తిరగబడితే గుమ్మం వేరే వైపుకి పోతుంది. డ్రాఫ్టులో వరసకి ఒక ఇల్లయినా మీ ఇంజినీరుతో చూపించుకోండి.

రెరా నంబరు రాకముందే బొమ్మని వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో పెట్టొచ్చా?

వద్దు. 500 చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టుని రిజిస్టర్ చేయకుండా ప్రకటించకూడదని 3వ సెక్షన్ చెబుతోంది. జరిమానా ప్రాజెక్టు అంచనా ఖర్చులో 10 శాతం దాకా ఉండొచ్చు. నంబరు వచ్చాక దాన్నీ, `rera.ap.gov.in` చిరునామానీ ప్రకటనలో స్పష్టంగా వేయాలి, ఇది 11వ సెక్షన్. బొమ్మ విడిగా ఫార్వర్డ్ అవుతూ తిరుగుతుంది కాబట్టి నంబరుని, 'ఊహాచిత్రం' అన్న మాటని బొమ్మ లోపలే ఒక అంచున చెరగకుండా వేసి ఇస్తాను. పేజీలో పక్కన రాస్తే స్క్రీన్‌షాట్‌లో పోతుంది.

అచ్చు వేసే సైజు ఎంత ఉండాలి?

ఏ4 బ్రోచర్‌లో రెండు పేజీలు కలిపి వేస్తే అది ఏ3. 300 డీపీఐకి 4961 × 3508 పిక్సెళ్లు, కత్తిరింపుకి చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనం. 4000 పిక్సెళ్ల డ్రోన్ ఫొటో అంత వెడల్పులో దాదాపు 240 డీపీఐ వస్తుంది, అది చాలు. మధ్య మడతలో ఆర్చి పడకుండా చూసుకోవాలి. మా వెంచర్‌లో ఆర్చి సరిగ్గా నడిమధ్యకి వచ్చింది, అందుకని ఫ్రేమ్‌ని కొద్దిగా ఎడమకి జరిపాం. ఇంకొకటి, స్క్రీన్ మీద మెరిసే పచ్చరంగు అచ్చులో మసకబారుతుంది. ప్రెస్ వాళ్ల దగ్గర ఒక కాగితం తీయించి చూశాకే మొత్తం వేయమనండి.

ఎన్ని రోజులు పడుతుంది?

కాగితాలు సరిగ్గా ఉంటే పది, పన్నెండు పనిదినాలు. ఒక పూట ఎగరేయడానికి, మూడు రోజులు ప్లాను సరిచూసి రోడ్లు, ప్రహరీ కట్టడానికి, ఒక రోజు కెమెరా కుదర్చడానికి పడుతుంది. ఆ దశలో రంగులు లేని బూడిద బొమ్మ పంపుతాను. మార్పులన్నీ అప్పుడే చెప్పండి. చెట్లు, వెలుగు అన్నీ అయ్యాక కెమెరా కాస్త పైకి లేపండి అంటే, ఫొటో మీద చేసిన బొమ్మలో అది కుదరదు, మళ్లీ ఎగరేయాల్సిందే.

నేను కొనేవాణ్ణి. బ్రోచర్‌లో బొమ్మ నిజమో కాదో ఎలా చూసుకోవాలి?

రెరా వెబ్‌సైటులో ఆ నంబరుతో వెతికి, అక్కడ పెట్టిన ఆమోదిత లేఅవుట్ తీసుకోండి. బొమ్మలో పార్కు, ఖాళీ స్థలం, రోడ్లు అదే చోట ఉన్నాయా చూడండి. బొమ్మలోని పెద్ద ఇంటి నీడా, బయట ఉన్న తాటిచెట్టు నీడా ఒకే వైపు పడుతున్నాయా చూడండి. పడకపోతే ఆ బొమ్మని తొందరలో చేశారని తెలుస్తుంది, మిగతా వివరాలు ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. తర్వాత సైటుకి వెళ్లినప్పుడు ఆర్చి దగ్గరే ఆగిపోకుండా చివరి వరస దాకా నడవండి. బొమ్మలో చిన్నగా, మసకగా కనిపించిన వెనక మూలలో నిలబడి ప్రహరీ అవతల ఏముందో చూడండి. వీలైతే ఒక పెద్ద వాన పడిన మర్నాడు వెళ్లండి, గెడ్డ ఎటు పారుతుందో, నీళ్లు ఏ ప్లాటులో నిలుస్తున్నాయో కనిపిస్తాయి.